‘వీలున్నప్పుడు చూడండి’ అంటే ఎప్పుడు?

హైదరాబాద్‌లో టెస్టింగ్ చేసే ఒక అమ్మాయికి ఆమ్‌స్టర్‌డామ్‌లోని సహోద్యోగి టెస్ట్ సర్వర్ యాక్సెస్ ఇవ్వాలి. బుధవారం మధ్యాహ్నానికి అది రాకపోతే గురువారం రిలీజ్ ఆగిపోతుంది. సోమవారం ఆమె ‘చిన్న విన్నపం’ అని సబ్జెక్ట్ పెట్టి మెయిల్ రాసిందనుకుందాం. “సర్, మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ పనుల మధ్య ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. టెస్ట్ సర్వర్ విషయం వీలున్నప్పుడు ఒకసారి చూడగలరా?”

ఈ మెయిల్ మన మేనేజర్ చదివితే, ఇంతగా మొహమాటపడుతోందంటే ఏదో అవసరం ఉండే ఉంటుందని ఫోన్ చేసి కనుక్కుంటాడు. డచ్చి సహోద్యోగి మాత్రం ఉన్న మాటనే తీసుకుంటాడు. వీలున్నప్పుడు అన్నారు కాబట్టి వచ్చేవారం చూద్దామనుకుంటాడు. బుధవారం సాయంత్రం గొడవ పెద్దవాళ్ల దాకా వెళ్తే, “సోమవారమే ఎందుకు చెప్పలేదు?” అని నిజంగానే ఆశ్చర్యపోతాడు. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో ‘బియాండ్ కల్చర్’ పుస్తకంలో ఈ తేడానే వివరించాడు: కొన్ని సమాజాల్లో అర్థంలో ఎక్కువ భాగం సందర్భంలో ఉంటుంది, కొన్నిటిలో పలికిన మాటలోనే ఉంటుంది.

అదే మెయిల్‌ను ఇలా మార్చవచ్చు. సబ్జెక్ట్: ‘టెస్ట్ సర్వర్ యాక్సెస్, బుధవారం 12 గంటల లోపు (మీ టైమ్)’. లోపల: “హాయ్, బుధవారం మధ్యాహ్నం 12 లోపు నాకు టెస్ట్ సర్వర్ యాక్సెస్ ఇవ్వండి, ప్లీజ్. లేకపోతే గురువారం రిలీజ్ వాయిదా పడుతుంది. మీకు కుదరకపోతే ఎవరిని అడగాలో ఈరోజే చెప్పండి. థాంక్స్.” మర్యాదకు ఒక ప్లీజ్, ఒక థాంక్స్ చాలు. క్షమాపణ తీసేయడమే మనకు కష్టం. కానీ పని అడగడం తప్పు కాదు కదా, దానికి క్షమాపణ ఎందుకు? ‘మీ టైమ్’ అన్న మాట మాత్రం వదలకూడదు. ఆమ్‌స్టర్‌డామ్ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. “ఎప్పటికి కావాలి?” అని అతను మధ్యాహ్నం అడిగితే, ఇక్కడ ఆఫీసు ముగిసే వేళ అవుతుంది. అలా ఒక రోజు పోతుంది.

విదేశాలన్నీ ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. లండన్‌లో ఇంత సూటిగా రాస్తే కొంచెం కరుకుగా అనిపించవచ్చు. జర్మనీలో విషయం సూటిగా చెప్పినా, పరిచయం లేనివారిని ఇంటిపేరుతో, గౌరవంగా సంబోధిస్తారు. కొత్తవారికి రాసేముందు వాళ్లు మీకు పంపిన మెయిల్ ఎంత పొడవుందో, ఎలా మొదలైందో చూసి ఆ స్థాయికి రాయడం మంచిది.

అన్నిటికంటే నష్టం తెచ్చేది అడగడంలోని మొహమాటం కాదు, కాదనలేకపోవడం. శుక్రవారానికి అవ్వదని తెలిసీ “ప్రయత్నిస్తానండి” అని రాస్తే, అవతలివాళ్లు శుక్రవారాన్ని నమ్ముకుని తమ పని పెట్టుకుంటారు. “శుక్రవారానికి అవ్వదు. డేటా గురువారం గానీ రాదు. మంగళవారం సాయంత్రానికి ఇస్తాను” అని ముందే రాస్తే వాళ్లు ప్లాన్ మార్చుకోగలుగుతారు.