బొమ్మ చెరిగిన గ్రాఫును మాటల్లో చెప్పడం

జిరాక్సు మీద జిరాక్సు తీసిన కలన గణితం నోట్సులో సమీకరణం ఉంటుంది, లెక్క చివరిదాకా ఉంటుంది, కింద "పటం చూడండి" అని కూడా ఉంటుంది. పటం మాత్రం ఉండదు. పెన్సిలుతో సన్నగా గీసిన వక్రం నాలుగో కాపీకి వచ్చేసరికి తెల్లకాగితంలో కలిసిపోతుంది. అప్పుడు ఆ వక్రాన్ని వాక్యాల్లో చెప్పాల్సి వస్తుంది. చూపులేని విద్యార్థులకు పాఠం చదివి వినిపించేవారికి ఈ అవసరం ఎప్పుడూ ఉండేదే. చెప్పింది సరిపోయిందో లేదో తేల్చేది ఒక్కటే: విన్న మనిషి దాన్ని గీయగలగాలి.

ఈ ప్రమేయాన్ని చూడండి:

y = (x² + 3)/(x − 1)

చాలామంది మలుపులతో మొదలుపెడతారు. నా మాట వింటే, వక్రం అడుగుపెట్టలేని చోటుతో మొదలుపెట్టండి. x = 1 దగ్గర హారం సున్నా, లవం 4. కాబట్టి అక్కడ నిలువు అనంతస్పర్శరేఖ ఉంది. అంతమాత్రం చెప్పి ఆపితే వినేవారికి ఏమీ అందదు. రేఖకు ఏ పక్కన వక్రం ఎటు పోతుందో చెప్పాలి. x విలువ 0.9 అయితే y = −38.1, 1.1 అయితే y = 42.1. అంటే ఎడమ పక్కన పాతాళానికి, కుడి పక్కన ఆకాశానికి.

దూరంగా వెళ్తే ఏమవుతుందో తెలియాలంటే భాగహారం చేయాలి. అప్పుడు y = x + 1 + 4/(x − 1) అని వస్తుంది. x పెరిగేకొద్దీ చివరి పదం కరిగిపోతుంది, వక్రం y = x + 1 అనే ఏటవాలు రేఖను ఆనుకుంటుంది. x = 41 దగ్గర ఆ రేఖకు 0.1 పైన ఉంటుంది. x = −39 దగ్గర అంతే దూరం కింద ఉంటుంది. ఈ పైనా కిందా అన్నది చెప్పకపోతే విన్నవారు సగం బొమ్మ తప్పు గీస్తారు.

ఇక అక్షాలు. x = 0 అయితే y = −3, అక్కడ y అక్షాన్ని దాటుతుంది. x² + 3 ఎన్నడూ సున్నా కాదు కనుక x అక్షాన్ని తాకనే తాకదు. ఖండన బిందువు లేకపోతే చెప్పడానికేముందని వదిలేస్తుంటారు. కానీ "లేదు" అన్నదీ వర్ణనలో భాగమే. అది వినకపోతే ఎవరైనా అలవాటుగా ఒక చోట దాటించేస్తారు.

మలుపులకు అవకలజం కావాలి. దాని లవం x² − 2x − 3, అంటే (x − 3)(x + 1). హారం వర్గం కాబట్టి గుర్తు మార్చదు. x = −1 దగ్గర పెరుగుతున్న వక్రం తగ్గడం మొదలుపెడుతుంది, అక్కడ y = −2, అది స్థానిక గరిష్ఠం. x = 3 దగ్గర తగ్గుతున్నది పెరగడం మొదలుపెడుతుంది, అక్కడ y = 6, అది స్థానిక కనిష్ఠం. గరిష్ఠం −2, కనిష్ఠం 6! ఇక్కడే విద్యార్థులు లెక్క తప్పిందనుకుని కొట్టేస్తారు. తప్పేమీ లేదు. రెండు మలుపులూ వేర్వేరు ముక్కల మీద ఉన్నాయి. "స్థానిక" అన్న మాట వదిలేసి "అత్యధిక విలువ −2" అని చెబితే మాత్రం అది అబద్ధమే.

ఇప్పుడు బొమ్మ లేకుండా ఇలా చదవొచ్చు: "వక్రం రెండు విడి ముక్కలు. ఎడమ ముక్క y = x + 1 రేఖకు కాస్త కిందగా వస్తూ పైకెక్కి, (−1, −2) దగ్గర మలుపు తిరిగి, (0, −3) గుండా దిగి, x = 1 రేఖ పక్కనే అంతులేకుండా కిందికి పోతుంది. కుడి ముక్క అదే నిలువు రేఖకు అవతలి పక్కన అనంతమైన ఎత్తు నుంచి దిగి, (3, 6) దగ్గర మలుపు తిరిగి, మళ్లీ ఎక్కుతూ ఏటవాలు రేఖను పైనుంచి సమీపిస్తుంది. y విలువ −2కూ 6కూ మధ్య ఎక్కడా వక్రం లేదు."

హారం సున్నా అయిన ప్రతిచోటా అనంతస్పర్శరేఖ ఉంటుందని అనుకోకూడదు. (x² − 1)/(x − 1)లో x = 1 దగ్గర లవం కూడా సున్నా అవుతుంది. అక్కడుండేది సరళరేఖలో ఒక్క బిందువంత ఖాళీ మాత్రమే. లవాన్ని కూడా చూడకుండా వర్ణన రాస్తే లేని గోడ కట్టినట్టవుతుంది.

బొమ్మతోపాటు సమీకరణమూ చెరిగిపోయి, పై వర్ణన మాత్రమే మిగిలిందనుకోండి. హారంలో x − 1 ఒక్కసారే ఉందని, వేరే కారణాంకం లేదని తెలిస్తే, ప్రమేయం y = x + 1 + k/(x − 1) రూపంలో ఉండాలి. (0, −3) గుండా పోతుంది కనుక 1 − k = −3, అంటే k = 4. సరిచూసుకోవడానికి మలుపులున్నాయి: (x − 1)² = 4 అయితే x విలువలు 3, −1. వర్ణనలో చెప్పినవీ అవే.