సరైన పేరా దొరికిందా?

అప్లయిడ్ మెషీన్ లెర్నింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఈమధ్య తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “మా దగ్గర వేల పేజీల పత్రాలున్నాయి. ఎవరైనా మామూలు మాటల్లో అడిగితే వాటిలోంచి జవాబు చెప్పే అప్లికేషన్ ఎలా తయారుచేస్తారు?” అభ్యర్థుల్లో చాలామంది వెంటనే ఏ లాంగ్వేజ్ మోడల్ వాడాలో చెప్పడం మొదలుపెడతారు. నా ఉద్దేశంలో మాట అక్కడే పక్కదారి పడుతుంది. ఇలాంటి అప్లికేషన్ మంచిచెడ్డలు చాలావరకు మోడల్ దాకా వెళ్లకముందే తేలిపోతాయి.

ఒక ఇంజనీరింగ్ కాలేజీ నిబంధనల పుస్తకాన్ని తీసుకుందాం. ఒక విద్యార్థి ఇలా అడిగాడు: “నాకు 68 శాతం హాజరే ఉంది. సెమిస్టర్ పరీక్ష రాయనిస్తారా?” మోడల్ ఎంత పెద్దదైనా ఆ కాలేజీ పుస్తకంలో ఏముందో దానికి తెలియదు. తెలియకపోయినా నమ్మేలా ఏదో ఒకటి చెప్పేస్తుంది. పోనీ, ప్రతి ప్రశ్నతోపాటు పుస్తకం మొత్తం పంపుదామా? మోడల్‌కు పంపే ప్రతి టోకెన్‌కూ డబ్బు కట్టాలి, జవాబూ ఆలస్యమవుతుంది. పైగా పాఠం బాగా పొడవైతే మధ్యలో ఉన్న సంగతులను మోడళ్లు సరిగా పట్టించుకోవడం లేదని 2023లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అందుకే ప్రశ్నకు పనికొచ్చే నాలుగైదు పేరాలను ముందుగా వెతికి, వాటినే మోడల్ ముందు పెట్టి జవాబు రాయిస్తారు. ఆ వెతుకులాటే రిట్రీవల్. వెతకడాన్నీ రాయించడాన్నీ కలిపిన ఈ పద్ధతికి ‘ర్యాగ్’ అనే పేరు 2020లో ఫేస్‌బుక్ పరిశోధకుడు ప్యాట్రిక్ లూయిస్, ఆయన సహచరులు రాసిన పత్రం ద్వారా వచ్చింది.

వెతకడం ఎలా? విద్యార్థి “చాలా క్లాసులకి పోలేదు” అంటాడు. పుస్తకంలో “హాజరు కొరత” అని ఉంటుంది. రెండింటిలో ఒక్క మాటా కలవదు, విషయం మాత్రం ఒకటే. ఈ ఇబ్బందిని తీర్చేది ఎంబెడింగ్. ఒక వాక్యాన్నో పేరానో ఇస్తే ఎంబెడింగ్ మోడల్ దాన్ని అంకెల వరుసగా మారుస్తుంది. ఈ వరుసనే వెక్టర్ అంటారు. all-MiniLM-L6-v2 అనే చిన్న మోడల్ ప్రతి పాఠానికీ 384 అంకెలు ఇస్తుంది. అర్థంలో దగ్గరగా ఉన్న జంటలను దగ్గరకు లాగుతూ, సంబంధం లేనివాటిని దూరంగా నెడుతూ ఈ మోడళ్లకు శిక్షణ ఇస్తారు. ఒక్కో అంకెకు విడిగా అర్థం వెతకనక్కర్లేదు. వెక్టర్ మొత్తంగా ఎటు చూపుతోందన్నదే లెక్క.

ఆ లెక్కను రెండేసి అంకెలతో చేసి చూద్దాం. ప్రశ్న వెక్టర్ (0.8, 0.6), హాజరు పేరాది (0.6, 0.8), హాస్టల్ ఫీజు పేరాది (−0.6, 0.8) అనుకోండి. ప్రశ్ననూ హాజరు పేరానూ అంకెకు అంకె గుణించి కూడితే 0.48 + 0.48, అంటే 0.96. అదే హాస్టల్ ఫీజుతో చేస్తే −0.48 + 0.48, అంటే సున్నా. ఈ వెక్టర్లన్నిటి పొడవూ 1 కాబట్టి, వచ్చిన అంకే కొసైన్ సామ్యం. 1కి దగ్గరైతే అర్థం దగ్గర. అప్లికేషన్ ప్రతి పేరా వెక్టర్‌నూ ముందే లెక్కగట్టి దాచుకుంటుంది. ప్రశ్న రాగానే దాని వెక్టర్ తీసి, ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పేరాలను ఎంచుతుంది. పేరాలు లక్షల్లో ఉంటే ఒక్కొక్కదానితో పోల్చకుండా దగ్గరివాటిని త్వరగా పట్టే సూచికలు వాడతారు. అందులో ఒకటీ అరా తప్పిపోతాయి, ఆ మాత్రం నష్టానికి సిద్ధపడాలి.

చెప్పినంతవరకు సులువే. చిక్కంతా పుస్తకాన్ని ముక్కలు చేసే దగ్గరుంది. మన కాలేజీల్లో హాజరు నిబంధన సాధారణంగా రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది: పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. దాని కిందే రెండోది: వైద్య కారణాలు చూపి, రుసుము కడితే 65 శాతం దాకా మన్నించవచ్చు. పుస్తకాన్ని గుడ్డిగా ఇన్ని అక్షరాలకొకటని కోస్తే మొదటిది ఒక ముక్కలో, రెండోది మరో ముక్కలో పడతాయి. రెండో ముక్కలో “పై నిబంధనకు మినహాయింపుగా” అని మొదలవుతుంది తప్ప, హాజరు అన్న మాటే ఉండదు. దాని వెక్టర్ ప్రశ్నకు దూరంగా పోతుంది. మొదటి ముక్క ఒక్కటే దొరికిన మోడల్ “మీరు పరీక్ష రాయలేరు” అని తడుముకోకుండా చెప్పేస్తుంది. చూసేవాళ్లు మోడల్ అబద్ధం చెప్పిందనుకుంటారు. నిజానికి అది తనకిచ్చిన పేరాను ఉన్నదున్నట్టే చదివింది. ఇక్కడ మోడల్‌ను మారిస్తే ఒరిగేదేమీ లేదు. నిబంధన సంఖ్యల దగ్గర ముక్క కోయాలి, ప్రతి ముక్క తలపైనా “హాజరు – మినహాయింపులు” లాంటి శీర్షిక చేర్చాలి, పక్క ముక్కలోని ఒకటి రెండు వాక్యాలు దీనిలోకీ రావాలి.

ముక్క మరీ పెద్దదైనా చిక్కే. పైన చెప్పిన all-MiniLM-L6-v2 సుమారు 256 టోకెన్ల తర్వాత ఉన్న పాఠాన్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. పేజీ పొడవునా ఒకే ముక్కగా పెట్టిన వాళ్ల అప్లికేషన్‌లో ప్రతి పేజీ కింది సగం వెతుకులాటకు అందదు. అదీగాక ఆ మోడల్ ఇంగ్లీషు కోసం తయారైనది. తెలుగు పత్రాలైతే లాబ్సే వంటి బహుభాషా మోడల్ కావాలి.

ఎంబెడింగ్‌లకు ఇంకో బలహీనత ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ విద్యార్థులకు R18, R22 అనే రెగ్యులేషన్ల పేర్లు బాగా తెలుసు. విద్యార్థికి ఆ రెండింటి మధ్య తేడా చాలా ముఖ్యం. ఎంబెడింగ్‌కు మాత్రం రెండు వాక్యాలూ ఇంచుమించు ఒకటే. సంఖ్యలు, కోడ్‌లు, “కాదు”, “లేదు” వంటి మాటల విషయంలో దీన్ని పూర్తిగా నమ్మకూడదు. అందుకే ఎంబెడింగ్‌తోపాటు మాటలను ఉన్నవున్నట్టు వెతికే బీఎం25 అనే పాత పద్ధతినీ నడిపి, రెండు జాబితాలను కలుపుతారు. 1990లలో రూపుదిద్దుకున్న ఆ పద్ధతికి ఇప్పటికీ పని తగ్గలేదు. రెగ్యులేషన్ ఏదో ముందే తెలిస్తే ఇంకా మంచిది, వెతకకముందే మిగతా పత్రాలను పక్కన పెట్టేయవచ్చు.

ఇదంతా బాగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? ఇంటర్వ్యూ చేసేవాళ్లు తప్పకుండా అడిగేది ఇదే, ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే. పది ప్రశ్నలు అడిగి చూశాను, జవాబులు బాగానే వచ్చాయంటే ఎవరూ ఒప్పుకోరు. విద్యార్థులు నిజంగా అడిగే 50 ప్రశ్నలు సేకరించి, ఒక్కోదానికీ జవాబు ఏ పేరాలో ఉందో మనిషి చేత గుర్తు పెట్టించాలి. మొదటి ఐదు ఫలితాల్లో ఆ పేరా 41 ప్రశ్నలకు వచ్చిందనుకోండి, రీకాల్ 82 శాతం. మిగిలిన తొమ్మిదీ వెతుకులాట తప్పులు. ఆ 41లో ఆరింటికి పేరా ఎదురుగా ఉన్నా మోడల్ తప్పు చెప్పిందంటే, అవి రాయడంలో వచ్చిన తప్పులు. మొదటి రకానికి ముక్కలు, ఎంబెడింగ్‌లు, బీఎం25 సవరించాలి. రెండో రకానికి ప్రాంప్ట్ మార్చాలి, లేదా మోడల్‌ను మార్చాలి. ఈ రెంటినీ విడదీయకుండా జవాబుల్లో ఇన్ని శాతం తప్పులని ఒకే అంకె చెబితే దేన్ని బాగుచేయాలో ఎవరికీ తెలియదు.

పుస్తకంలో జవాబే లేని ప్రశ్నలు కూడా ఆ జాబితాలో కొన్ని ఉండాలి. వాటికి “ఈ పత్రాల్లో ఆ సమాచారం లేదు” అన్నదే సరైన జవాబు. ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్నవాళ్లు ఒక చిన్న నిబంధనల పుస్తకం తీసుకుని ఈ జాబితాను స్వయంగా తయారుచేయండి. ఏ ప్రశ్న ఎందుకు తప్పిందో చెప్పగలిగితే మోడళ్ల పేర్లు వల్లెవేయక్కర్లేదు.