83 యూనిట్ల ఖర్చు, ఒక యూనిట్ కూడా లేని రాబడి: ఫ్యూజన్ కరెంటు మన మీటరు దాకా ఎందుకు రాలేదు?

2022 డిసెంబర్ 5న అమెరికాలోని కాలిఫోర్నియాలో, లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో ఒక ప్రయోగం జరిగింది. పెట్టిన శక్తి కంటే ఎక్కువ శక్తి ఫ్యూజన్ ద్వారా వచ్చిందని వారం తర్వాత ప్రకటించారు. ఆ వార్త ముక్కలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. సూర్యుణ్ని భూమ్మీదికి దించేశారట, ఇక కరెంటు ఫ్రీ అట!

మా గల్లీలో ఓ చాచా ఆ వీడియో చూపించి అడిగారు: "బేటా, ఇది వచ్చేసింది కదా, మరి యురేనియం ప్లాంట్లు ఇంకా ఎందుకు? శ్రీకాకుళం కొవ్వాడలో ఆరు రియాక్టర్లు పెడతామని ఎందుకంటున్నారు?" ప్రశ్న న్యాయమైనదే. నేను చదివింది బీకామ్, ఫిజిక్స్ కాదు. కానీ చదివి, తెలిసినవాళ్లని అడిగి చూస్తే, ఇది చాలావరకు జమా ఖర్చుల లెక్కే అని అర్థమైంది.

తూకంలో తగ్గిందే శక్తి

ఫిషన్ అంటే పెద్ద అణువు కేంద్రకం పగలడం. ఫ్యూజన్ అంటే చిన్న కేంద్రకాలు రెండు కలిసిపోవడం. స్కూల్ పుస్తకాల్లో వీటినే కేంద్రక విచ్ఛిత్తి, కేంద్రక సంలీనం అంటారు. పగిలినా శక్తే, కలిసినా శక్తే ఎలా వస్తుంది? చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఒక లెక్క చూద్దాం. ఫ్యూజన్‌కి వాడే ఇంధనం హైడ్రోజన్ రకాలు రెండు: డ్యుటీరియం, ట్రిటియం. అణువుల తూకం కొలిచే ప్రమాణంలో డ్యుటీరియం బరువు 2.0141, ట్రిటియం 3.0160. మొత్తం 5.0301. ఈ రెండూ కలిస్తే ఒక హీలియం, విడిగా ఒక న్యూట్రాన్ వస్తాయి. హీలియం 4.0026, న్యూట్రాన్ 1.0087. మొత్తం 5.0113. సరుకు అంతా ఇక్కడే ఉంది, కానీ తూకంలో 0.0188 తగ్గింది. ఆ తగ్గిన బరువే శక్తిగా బయటికొచ్చింది. ఐన్‌స్టీన్ చెప్పిన E = mc² అంటే ఇదే.

యురేనియం-235 లెక్క కూడా ఇలాంటిదే. న్యూట్రాన్ తగిలి అది బేరియం, క్రిప్టాన్‌గా పగిలి మూడు న్యూట్రాన్లు వదిలిందనుకుందాం. ముందు బరువు 236.05, తర్వాత 235.87. ఇక్కడా తరుగు ఉంది.

దీనికి కారణం కేంద్రకం లోపల జరిగే గుంజుడు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, కానీ ఆ పట్టు పక్కనున్న వాటి వరకే. ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసుకునే విద్యుత్ బలం మాత్రం దూరంగా ఉన్నా పనిచేస్తుంది. చిన్న కేంద్రకాలు కలిస్తే పట్టుకునే పొరుగువాళ్లు పెరుగుతారు, లాభం. యురేనియంలో 92 ప్రోటాన్లు ఒకే ఇంట్లో ఇరుక్కుని తోసుకుంటుంటాయి, అది రెండిళ్లుగా విడిపోతే లాభం. రెండు దారులూ ఇనుము, నికెల్ దగ్గర ఆగిపోతాయి. వాటిని పగలగొట్టినా, కలిపినా మిగిలేది ఉండదు.

గ్రాముకి గ్రాము చూస్తే ఫ్యూజనే గెలుస్తుంది. ఒక గ్రాము యురేనియం-235 పూర్తిగా పగిలితే వచ్చే వేడి సుమారు 23 వేల యూనిట్లు. ఒక గ్రాము డ్యుటీరియం, ట్రిటియం మిశ్రమం పూర్తిగా కలిస్తే 90 వేలకు పైనే. మరి వ్యాపారమంతా ఫిషన్‌తోనే ఎందుకు నడుస్తోంది?

అగ్గిపుల్ల అక్కర్లేని పొయ్యి

యురేనియాన్ని పగలగొట్టేది న్యూట్రాన్. దానికి విద్యుత్ ఆవేశం లేదు కాబట్టి కేంద్రకం దాన్ని బయటికి తోసేయదు. మెల్లగా వెళ్లినా లోపలికి దూరిపోతుంది, నిజానికి మెల్లగా వెళ్తేనే ఇంకా బాగా దూరుతుంది. అంటే మామూలు వేడిలోనే పని మొదలవుతుంది. పగిలిన ప్రతిసారీ సగటున రెండున్నర దాకా కొత్త న్యూట్రాన్లు వస్తాయి. అందులో ఒకటి ఇంకో యురేనియాన్ని పగలగొడితే చాలు, పొయ్యి ఆరదు. మిగతావి బయటికి పోతాయి, లేదా వేరే పదార్థం మింగేస్తుంది.

మన దేశంలో ఎక్కువ రియాక్టర్లు ఈ న్యూట్రాన్లని మెల్లబరచడానికి భారజలం వాడతాయి. ఈ సరుకులో కొంత మన దగ్గరిదే. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది, మణుగూరులో భారజలం తయారవుతుంది, హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధన కట్టలు తయారవుతాయి. అరమీటరు పొడవున్న ఒక్కో కట్టలో 19 లేదా 37 గొట్టాలు, వాటి నిండా యురేనియం బిళ్లలు. పగిలిన ముక్కలు వేగంగా ఎగిరి పక్కవాటిని ఢీకొంటే బిళ్ల వేడెక్కుతుంది. ఆ వేడితో నీళ్లు ఆవిరై టర్బైన్ తిరుగుతుంది. అక్కడి నుంచి అంతా బొగ్గు ప్లాంటు లాంటిదే.

న్యూట్రాన్లు ఒకటికి రెండు, రెండుకి నాలుగు అవుతూ పోతే? ఆ భయం సహజం. ఇక్కడ ప్రకృతి ఒక వెసులుబాటు ఇచ్చింది. యురేనియం-235 పగిలినప్పుడు 99 శాతానికి పైగా న్యూట్రాన్లు వెంటనే వస్తాయి. కానీ వెయ్యిలో ఆరేడు మాత్రం ఆలస్యంగా, కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా ఆగి, పగిలిన ముక్కల్లోంచి వస్తాయి. ఈ ఆలస్యపు న్యూట్రాన్లు కలిస్తేనే లెక్క సరిపోయేలా రియాక్టర్‌ని నడుపుతారు. అందువల్ల శక్తి పెరగడం, తగ్గడం మెల్లగా జరుగుతుంది, కంట్రోల్ రాడ్లు దించడానికి టైమ్ దొరుకుతుంది. ఆ కొద్దిపాటి లేటు లేకపోతే ఏ యంత్రమూ దీన్ని అదుపు చేయలేకపోయేది. వెయ్యికి ఆరేడు అంటే మా అకౌంట్స్‌లో రౌండింగ్ కింద వదిలేసే లెక్క. ఇక్కడ మొత్తం కరెంటు దాని మీదే నడుస్తోంది.

అసలు తలనొప్పి ఆపాక మొదలవుతుంది. రాడ్లు దించితే ఫిషన్ ఆగుతుంది, కానీ పగిలిన ముక్కలు రేడియోధార్మికమైనవి, వేడి విడుస్తూనే ఉంటాయి. 700 మెగావాట్ల రియాక్టర్‌లో పుట్టే వేడి సుమారు 2,100 మెగావాట్లు. ఆపిన క్షణంలో అందులో ఆరేడు శాతం, అంటే 140 మెగావాట్ల దాకా ఇంకా వస్తుంటుంది. మన ఇళ్లలోని 2 కిలోవాట్ల గీజర్లు 70 వేలు ఒకేసారి వేసినట్టు. ఒక రోజు తర్వాత కూడా అర శాతం దగ్గర ఉంటుంది. నీళ్లు తిరుగుతూ ఉండాల్సిందే.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో దెబ్బ తగిలింది ఇక్కడే. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతట అవే ఆగాయి. తర్వాత సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లని ముంచేసింది. పంపులు ఆగాయి, మిగిలిన వేడికే ఇంధనం కరిగింది. టీవీలో మనం చూసిన పేలుళ్లు అణుబాంబు పేలుళ్లు కావు, పోగైన హైడ్రోజన్ గ్యాస్ అంటుకున్నది. కొవ్వాడ లాంటి సముద్రతీరం గురించి అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: అన్ని కరెంటు లైన్లూ పోయాక నీళ్లు ఎలా తిరుగుతాయి? బాంబులా పేలుతుందా అన్నది కాదు.

ఇక ఫ్యూజన్ ఖాతా

ఫ్యూజన్‌లో కథ తిరగబడుతుంది. కలవాల్సిన రెండు కేంద్రకాలకీ పాజిటివ్ ఆవేశమే, ఒకదాన్నొకటి తోసేస్తాయి. ఆ తోపుడుని దాటాలంటే విపరీతమైన వేగం, అంటే విపరీతమైన వేడి కావాలి. సూర్యుడి మధ్యలో సుమారు 1.5 కోట్ల డిగ్రీలు ఉంటుంది, పైన అంత బరువు అదిమి పట్టి ఉంచుతుంది. మన దగ్గర ఆ బరువు లేదు కాబట్టి 10 కోట్ల డిగ్రీలు దాటాలి. ఆ వేడి పదార్థాన్ని ఏ గిన్నె తాకినా అది చల్లబడి ఆరిపోతుంది. అందుకే అయస్కాంతాలతో గాల్లో పట్టి ఉంచుతారు, లేదంటే లేజర్లతో ఒక్క దెబ్బలో నలిపేస్తారు. ఫిషన్‌ని ఆర్పడం కష్టం, ఫ్యూజన్‌ని ఆరకుండా ఉంచడం కష్టం. పేలిపోయే ప్రమాదం ఫ్యూజన్‌లో లేనిది కూడా ఇందుకే.

ఇప్పుడు చాచా చూపించిన వీడియో లెక్క. లివర్‌మోర్‌లో 192 లేజర్లు మిరియపు గింజంత బుల్లి ఇంధన గోళాన్ని లక్ష్యంగా చేసుకున్నాయి. లేజర్లు అందించిన శక్తి 2.05 మెగాజూల్స్. ఫ్యూజన్‌లో వచ్చింది 3.15. జమ ఎక్కువ, ఖర్చు తక్కువ, వార్త నిజమే. కానీ ఆ లేజర్లని వెలిగించడానికి గోడ ప్లగ్ నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజూల్స్.

మన మీటరు భాషలో చెప్పాలంటే, ఒక యూనిట్ అంటే 3.6 మెగాజూల్స్. అంటే గోడ నుంచి తీసుకున్నది 83 యూనిట్లు. వచ్చింది ముప్పావు యూనిట్‌కి కాస్త పైన, అదీ కరెంటు కాదు, వేడి. వేడిని కరెంటుగా మార్చేసరికి మూడో వంతే మిగులుతుంది. 2023 జూలైలో రాబడి 3.88 మెగాజూల్స్‌కి పెరిగింది, అంటే ఒక యూనిట్ దాటింది. తర్వాత ఇంకా పెరిగింది కూడా. కానీ ప్లాంటు నడవాలంటే ఇలాంటి దెబ్బలు సెకనుకి పది దాకా పడాలి, రోజుల తరబడి. ఆ యంత్రం మంచి రోజున ఒకటో రెండో కొడుతుంది.

అయస్కాంతాల దారిలో బ్రిటన్‌లోని జెట్ యంత్రం 2023 చివర్లో 69 మెగాజూల్స్ తీసింది, ఐదు సెకన్లకి. అది రికార్డు. మన లెక్కలో 19 యూనిట్లు.

ఇంకో చిక్కు ఇంధనంలో ఉంది. డ్యుటీరియం సముద్రపు నీళ్లలో దొరుకుతుంది. ట్రిటియం దాదాపు దొరకదు, 12 ఏళ్లలో సగం కరిగిపోతుంది. ఇవాళ అది ఎక్కువగా ఎక్కడ నుంచి వస్తుందో తెలుసా? భారజలం రియాక్టర్ల నుంచే. అంటే ఫ్యూజన్ ఇంధనం ఫిషన్ ఇంట్లో పుడుతోంది. ముందుముందు యంత్రం గోడలో లిథియం పెట్టి, అక్కడే ట్రిటియం పుట్టించాలన్నది ప్లాన్. ఆ గోడ మీదే ఫ్యూజన్ శక్తిలో 80 శాతం న్యూట్రాన్ల రూపంలో వచ్చి గుద్దుతుంది. ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తట్టుకునే లోహం ఏదో ఇంకా తేలలేదు.

ఇవన్నీ పరీక్షించడానికి ఫ్రాన్స్‌లో ఐటర్ కడుతున్నారు. మన దేశం అందులో భాగస్వామి, దాని చుట్టూ ఉండే భారీ స్టీలు తొట్టి క్రయోస్టాట్ ఇండియా ఇచ్చిందే. 50 మెగావాట్ల వేడి పంపి 500 మెగావాట్లు తీయాలన్నది లక్ష్యం. 2024లో టైమ్‌టేబుల్ మళ్లీ వెనక్కి జరిపారు: ప్రయోగాలు 2034లో, అసలైన డ్యుటీరియం-ట్రిటియం మంట 2039లో. అప్పుడు కూడా ఐటర్ కరెంటు ఇవ్వదు, దానికి టర్బైనే లేదు.

చాచాకి ఈ తేదీలు చెప్తే వేళ్ల మీద లెక్కపెట్టి, "అప్పటికి మా మనవడికి పెళ్లయిపోతుంది" అన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న కొవ్వాడ పంపుల గురించి.