తొమ్మిది షాట్లు పడ్డా మునిగిపోని ఆట

ఇంగ్లండ్‌లోని వాలసీ గోల్ఫ్ క్లబ్ సముద్రతీరాన ఉంటుంది. ఎదురుగాలి వీచే రోజున మామూలు సభ్యులు అక్కడి పొడవైన హోల్స్‌లో షాట్ల మీద షాట్లు పోగొట్టుకునేవారు. మొత్తం షాట్లు లెక్కించే పోటీలో ఒక్క హోల్ చెడితే చాలు, మిగతా ఆటంతా వృథా. ఆ క్లబ్ సభ్యుడు డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ దీనికి విరుగుడుగా పాయింట్ల పద్ధతి రూపొందించారు. 1932 మేలో అక్కడ దానితో పోటీ జరిగింది.

హ్యాండిక్యాప్ 18 ఉన్న ఆటగాడిని తీసుకుందాం. ఆయనకు ప్రతి హోల్‌లో ఒక షాట్ మినహాయింపు. పార్ 4 హోల్‌ను ఐదు షాట్లలో ముగిస్తే లెక్కలో నాలుగే, అంటే రెండు పాయింట్లు. నాలుగింటిలో ముగిస్తే మూడు పాయింట్లు, ఆరైతే ఒకటి, ఏడు నుంచి సున్నా.

ఒక హోల్‌లో బంతి రెండుసార్లు నీళ్లలో పడి తొమ్మిది షాట్లు పట్టాయనుకోండి. షాట్ల పోటీలో నాలుగు షాట్ల నష్టం. ఇక్కడ పోయేది రెండు పాయింట్లే. మిగతా పదిహేడు హోల్స్‌లో రెండేసి వస్తే 34 చేతిలో ఉంటాయి. పైగా ఆరో షాట్‌కూ బంతి గుంతలో పడకపోతే దాన్ని తీసి జేబులో వేసుకోవచ్చు. వెనకవాళ్లకు నిరీక్షణ తప్పుతుంది, అది నాకెంతో నచ్చే సంగతి.

అయితే ఈ రక్షణ పెద్ద పతనానికే. రెండు హోల్స్‌లో ఆరేసి కొట్టినవారికీ పోయేది అదే రెండు పాయింట్లు.