పద్నాలుగు వందల పేజీల తీర్పును ఎక్కడ విడగొట్టాలి?

ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు 1,448 పేజీలు. అందులో నిజానికి మూడు తీర్పులున్నాయి. జస్టిస్ ఎ.కె.సిక్రి రాసినదానితో మరో ఇద్దరు ఏకీభవించారు కాబట్టి అది మెజారిటీ తీర్పు. జస్టిస్ డి.వై.చంద్రచూడ్ విభేదించారు. జస్టిస్ అశోక్ భూషణ్ మెజారిటీతో చాలావరకు ఏకీభవిస్తూనే విడిగా రాశారు.

ఇంత పెద్ద తీర్పుకు సారాంశం రాయాలంటే ముక్కలు చేయక తప్పదు. నలుగురు జూనియర్ లాయర్లు పంచుకున్నా, కంప్యూటర్ ప్రోగ్రాంకు విడతలవారీగా ఇచ్చినా అంతే. చాలామంది యాభై పేజీలకొకటి చొప్పున కోసేస్తారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ఆధార్ చట్టాన్ని మనీ బిల్లుగా ఆమోదించడం చెల్లుతుందా అన్న ప్రశ్ననే చూడండి. చెల్లుతుందని మెజారిటీ తేల్చింది. అది రాజ్యాంగాన్ని వంచించడమేనని జస్టిస్ చంద్రచూడ్ అన్నారు. ఆయన రాసిన భాగం మాత్రమే చేతికొచ్చినవారు ‘మనీ బిల్లు చెల్లదని కోర్టు చెప్పింది’ అని రాసేస్తారు. పక్క ముక్క సారాంశం ‘చెల్లుతుంది’ అంటుంది. రెండూ కలిపితే కోర్టు తనను తానే ఖండించుకున్నట్టు కనిపిస్తుంది.

మెజారిటీ తీర్పులోనూ ఈ చిక్కు ఉంది. పిటిషనర్ల వాదన, ప్రభుత్వ వాదన పేజీలకు పేజీలు సాగాకే కోర్టు తన మాట చెబుతుంది. ‘పిటిషనర్ల వాదన’ అన్న శీర్షిక ముందు ముక్కలో ఉండిపోతే, తర్వాతి ముక్కలోని లాయరు మాట జడ్జి మాటలా చదువుకుంటుంది.

అందుకే ముందు చివర చదవాలి. కోర్టు ఏయే ప్రశ్నలు వేసుకుంది, దేనికేం జవాబిచ్చింది అన్నది మెజారిటీ తీర్పు ముగింపులో ఉంది. ఆ ప్రశ్నలతో ఒక పట్టిక గీసి, ప్రతి ప్రశ్న ఎదురుగా ముగ్గురి జవాబులకు మూడు గళ్లు పెట్టుకోవాలి. ఆ తర్వాతే ముక్కలు చేయాలి. కోత శీర్షికల దగ్గర పడాలి, పేజీ అంకెల దగ్గర కాదు. ఒక శీర్షిక కింది భాగం మరీ పెద్దదైతే పేరా ముగిసినచోట ఆపాలి. ప్రతి ముక్క నెత్తిన మూడు సంగతులు రాయాలి: ఎవరి తీర్పు, అది వాదనా, పాత తీర్పు ఉటంకింపా, కోర్టు నిర్ణయమా, ఏ పేరా నుంచి ఏ పేరా వరకు.

ఇక ‘పైన చెప్పినట్లు’ అనే మాటల సంగతి. ముందు ముక్క చివరి రెండు పేరాలను తర్వాతి ముక్కలో మళ్లీ చేర్చడం అందరూ చేసే పనే. పక్కనున్న సంగతికి అది సరిపోతుంది, వంద పేజీల వెనకున్నదాన్ని అది అందుకోలేదు. మెజారిటీ మనీ బిల్లు చర్చలో సెక్షన్ 57 ప్రస్తావన వస్తుంది. దాని గురించి అప్పటికే వేరేచోట తేల్చేశారు. ఆ పేరా పక్కన లేకుండా మనీ బిల్లు జవాబు అర్థం కాదు. కాబట్టి ఇలాంటి మాట తగిలినప్పుడల్లా అది ఏ పేరాను చూపిస్తోందో వెతికి, ఆ పేరాను యథాతథంగా ఈ ముక్కకు జతచేయాలి. సారాంశాన్ని జతచేస్తే చాలదు, షరతులు రాలిపోయేది అందులోనే.

సెక్షన్ 57 విషయంలో జరిగేది అదే. ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, వ్యక్తి అయినా ఏ అవసరానికైనా, చట్టం కిందో ఒప్పందం కిందో ఆధార్ వాడుకోవచ్చని ఆ సెక్షన్ అనేది. ‘ఏ అవసరానికైనా’ అంటే చట్టం మద్దతున్న అవసరమనే చదువుకోవాలని మెజారిటీ చెప్పింది. ఒప్పందం ఒక్కటే ఆధారంగా వాడటం కుదరదంది. ప్రైవేటు కంపెనీలు, వ్యక్తులు ఆధార్‌తో గుర్తింపు సరిచూసుకునే వీలును కొట్టేసింది. కాబట్టి ‘సెక్షన్ 57ను కొట్టేశారు’ అన్నా తప్పే, ‘సమర్థించారు’ అన్నా తప్పే.

చివరగా సారాంశంలోని ప్రతి వాక్యం పక్కన పేరా నంబరు వేయాలి. నంబరు దొరకని వాక్యాన్ని కొట్టేయాలి. ఒకే సెక్షన్ మీద రెండు వాక్యాలు పొసగకపోతే పట్టిక తెరవాలి. జడ్జీలు వేరా? ఒకటి వాదన, ఇంకొకటి నిర్ణయమా? సెక్షన్‌లో వేర్వేరు భాగాల గురించా? వైరుధ్యం చాలాసార్లు ఈ మూడింటిలో ఒకదానితో విడిపోతుంది. విడిపోకపోతే అది తీర్పులోనే ఉందన్నమాట. దాన్ని మన సొంత మాటలతో సర్దేయకూడదు, రెండు పేరాల నంబర్లూ ఇచ్చి అలాగే ఉంచాలి.

చదివేవారికీ ఒక మాట. ఏ తీర్పు సారాంశం చేతికొచ్చినా ఆ మాట అన్నది ఎవరు, ఏ పేరాలో అన్నారు అని చూడండి. ఆ రెండూ లేని సారాంశాన్ని నమ్మి అర్జీ రాయకండి, వార్తా రాయకండి.