దూరపు సర్వరు, ఒంటరి డౌన్‌లోడ్: జాప్యం, టి.సి.పి. విండోల పాత్ర – ఒక వివరణ

వ్యాస సంగ్రహం:

అంతర్జాలంలో దూరదేశపు సర్వరు నుండి ఒకే ఫైలును డౌన్‌లోడ్ చేసినప్పుడు వేగం చాలా తక్కువగా ఉంటుంది. అదే సమయంలో నాలుగైదు ఫైళ్ళను కలిపి డౌన్‌లోడ్ చేస్తే మొత్తం వేగం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుండి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు గ్రంథాల స్కాన్ ప్రతులను తెచ్చుకొనే పరిశోధకుల సందర్భాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యత్యాసానికి కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జాప్యం, టి.సి.పి., విండో, ప్యాకెట్ నష్టం, సమాంతర డౌన్‌లోడ్, ఇంటర్నెట్ ఆర్కైవ్.

1. పరిచయం:

తెలుగు పరిశోధనలో ముద్రణ ఆగిపోయిన గ్రంథాలకు, పాత పత్రికల సంచికలకు నేడు ప్రధానమైన ఆధారాలలో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఒకటి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో అక్కడ లభిస్తున్నాయి. 2008లో కరీంనగర్‌లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయ పరిధిలోని పరిశోధకులకైనా, ఆదిలాబాద్‌లోని కళాశాల అధ్యాపకులకైనా ఆ ప్రతులు కాలిఫోర్నియాలోని సర్వర్ల నుండి రావలసిందే.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంట్లో ఉన్నది సెకనుకు 50 మెగాబిట్ల కనెక్షన్ అనుకుందాం. వేగాన్ని కొలిచే వెబ్‌సైటు కూడా 50 అనే చూపుతుంది. కాని 150 మెగాబైట్ల పుస్తకం దిగడానికి తొమ్మిది నిమిషాలకు పైగా పడుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 50 మెగాబిట్లంటే సెకనుకు 6.25 మెగాబైట్లు. ఆ లెక్కన పుస్తకం 24 సెకన్లలో రావాలి. కనెక్షన్ మంచిది కాదని భావించి ఎక్కువ రుసుము చెల్లించి 100 మెగాబిట్ల పథకానికి మారినా ఆ తొమ్మిది నిమిషాలు తగ్గవు. ఎందుకు తగ్గవో తెలియాలంటే దారి వెడల్పును, దారి పొడవును వేరుగా చూడాలి.

2. దారి వెడల్పు – దారి పొడవు:

కరీంనగర్‌లోని ఒక పుస్తక విక్రేత ఆదిలాబాద్‌లోని కళాశాలకు వెయ్యి పుస్తకాలు పంపాలి. పది పుస్తకాలు బస్సు పార్సిలులో వేసి, అవి అందినట్లు రసీదు తిరిగి వచ్చాకే తరువాతి పది పంపాలని నియమం పెట్టుకొన్నాడు. పార్సిలు వెళ్ళి రసీదు రావడానికి ఒక రోజు పడితే రోజుకు పది పుస్తకాలే చేరుతాయి. రోడ్డును నాలుగు వరుసలకు విస్తరించినా ఈ లెక్క మారదు. రసీదుకై ఎదురుచూస్తున్నంతసేపు రోడ్డు ఖాళీగానే ఉంటుంది. మార్గం రెండే: ఒక్కసారి పంపే సంఖ్యను పెంచడం, లేదా అదే నియమం పాటించే మరికొందరు విక్రేతలను అదే పనిలో పెట్టడం.

కంప్యూటర్ల మధ్య ఫైళ్ళను నమ్మకంగా చేరవేసే నియమావళి అయిన టి.సి.పి. దాదాపు ఇలాగే పనిచేస్తుంది. ఫైలును ప్యాకెట్లుగా విడగొట్టి పంపుతుంది. చేరినవాటికి అవతలి కంప్యూటరు రసీదులు పంపుతుంది. రసీదు రాకముందే ఎన్ని బైట్లు పంపవచ్చో తెలిపే పరిమితిని 'విండో' అంటారు. ప్యాకెట్ వెళ్ళి రసీదు తిరిగి రావడానికి పట్టే కాలం రాకపోకల జాప్యం. ఒక రాకపోకకు ఒక విండో మాత్రమే చేరుతుంది కనుక:

```
వేగం = విండో / జాప్యం
```

ఈ సూత్రంలో కనెక్షన్ వేగసామర్థ్యానికి చోటే లేదు. అది పై హద్దును మాత్రమే నిర్ణయిస్తుంది.

3. జాప్యం ఎంత?

గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కరీంనగర్ నుండి కాలిఫోర్నియా తీరానికి భూగోళంపై దగ్గరి దారే 13 వేల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. వెళ్ళడానికి 65 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి మరో 65. గాజుతీగను వాడినంతకాలం ఈ 130 తగ్గదు. పైగా తీగలు నేరుగా వెళ్ళవు. ముంబై, చెన్నై వంటి రేవుల వద్ద సముద్రగర్భ కేబుళ్ళలోకి దిగి, ఖండాల చుట్టూ తిరిగి, మధ్యలో ఎన్నో రౌటర్లను దాటి పోతాయి. అందువల్ల ఇక్కడి లెక్కలకు జాప్యాన్ని 250 మిల్లీసెకన్లుగా, అనగా పావు సెకనుగా తీసుకోవడం సమంజసం. హైదరాబాద్‌లోని సర్వరుకైతే 20 మిల్లీసెకన్లు అనుకోవచ్చు.

వేగాన్ని కొలిచే వెబ్‌సైట్లు సాధారణంగా దగ్గరలోని సర్వరునే ఎంచుకొంటాయి, పలు కనెక్షన్లను ఒకేసారి తెరుస్తాయి. ఆ కొలత అబద్ధం కాదు. కాని అది దారి వెడల్పును మాత్రమే చెబుతుంది.

4. విండో ఎంత?

1981 నాటి టి.సి.పి. ప్రమాణపత్రం ఆర్.ఎఫ్.సి. 793 విండో అంకెకు 16 బిట్ల స్థలాన్ని కేటాయించింది. అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 65,535. దీనిని పై సూత్రంలో ఉంచితే:

```
65,535 / 0.25 = 2,62,140 బైట్లు (సెకనుకు)
```

అంటే సుమారు 2.1 మెగాబిట్లు. 150 మెగాబైట్ల పుస్తకానికి ఈ వేగంతో 572 సెకన్లు పడుతుంది. పరిచయంలో చెప్పిన తొమ్మిది నిమిషాలు ఇవే. నాలుగు కనెక్షన్లు తెరిస్తే నాలుగింటికీ వేర్వేరు విండోలు ఉంటాయి కనుక మొత్తం 8.4 మెగాబిట్లు వస్తాయి. 50 మెగాబిట్ల దారిని పూర్తిగా నింపాలంటే రసీదుకు ముందే దారిలో ఉండవలసిన బైట్లు 62.5 లక్షలను 0.25తో గుణించగా వచ్చే 15.6 లక్షలు. అది 24 పాత విండోలకు సమానం.

ఈ ఇబ్బందిని తొలగించడానికి 1992లో ఆర్.ఎఫ్.సి. 1323 విండో స్కేలింగ్‌ను నిర్వచించింది. కనెక్షన్ ఆరంభంలో ఇరుపక్షాలు ఒక గుణకాన్ని తెలుపుకొంటాయి. తరువాత పంపే 16 బిట్ల అంకెను ఆ గుణకంతో హెచ్చించి చదువుతాయి. దీనితో విండో ఒక గిగాబైటు వరకు పెరగగలదు. విండోస్ విస్టా నుండి ఈ సర్దుబాటు దానంతటదే జరుగుతుంది. అయినా పాత సలహాలు విని ఎవరైనా ఆ సర్దుబాటును నిలిపివేసిన యంత్రంలోను, మధ్యలోని ఏదైనా పరికరం ఆ గుణకాన్ని తొలగించిన దారిలోను విండో మళ్ళీ 65,535 వద్దే ఆగిపోతుంది. సర్వరు తన వైపు ఒక్కో కనెక్షన్‌కు చిన్న నిల్వను కేటాయించినా ఫలితం ఇదే. రెండు చివరల హద్దులలో ఏది చిన్నదో అదే వేగాన్ని శాసిస్తుంది.

5. రెండవ విండో – ప్యాకెట్ నష్టం:

గ్రహీత విండో పెద్దదైనా పంపేవైపు తనకు తానుగా మరొక పరిమితిని పాటిస్తుంది. దారిలో రద్దీని అంచనా వేసే ఈ రద్దీ విండోను 1988లో వాన్ జేకబ్‌సన్ తన పత్రంలో వివరించాడు. ఇది చిన్నగా మొదలై ప్రతి రాకపోకకు రెట్టింపవుతుంది. 1,460 బైట్ల చొప్పున పది ప్యాకెట్లతో మొదలైతే 15.6 లక్షల బైట్లను అందుకోవడానికి ఏడు రెట్టింపులు కావాలి. పావు సెకను చొప్పున అది రెండు సెకన్ల లోపే. పెద్ద ఫైలుకు ఇది భారం కాదు.

అసలు భారం ఒక ప్యాకెట్ పోయినప్పుడు పడుతుంది. సంప్రదాయ పద్ధతిలో రద్దీ విండో వెంటనే సగానికి తగ్గి, ఆపై రాకపోకకు ఒక్క ప్యాకెట్ చొప్పునే పెరుగుతుంది. 15.6 లక్షల నుండి 7.8 లక్షలకు పడిన విండో తిరిగి పూర్వస్థితికి చేరడానికి సుమారు 535 రాకపోకలు, అనగా రెండు నిమిషాలకు పైగా పడుతుంది. అదే భారాన్ని ఎనిమిది కనెక్షన్లు పంచుకొంటే, నష్టపోయిన ఒక్క కనెక్షనే సగానికి పడుతుంది. మొత్తంలో తగ్గేది పదహారో వంతు మాత్రమే. ఆ ఒక్కటి కోలుకోవడానికి కూడా 17 సెకన్లు చాలు.

కరీంనగర్, ఆదిలాబాద్‌ల మధ్య తేడా ఇక్కడ అర్థమవుతుంది. ఆదిలాబాద్ హైదరాబాద్‌కు మరికొంత దూరంలో ఉన్నా, 150 కిలోమీటర్ల అదనపు తీగ రాకపోకలకు కలిపేది ఒకటిన్నర మిల్లీసెకన్లే. 250లో అది లెక్కలోకి రాదు. కాబట్టి రెండుచోట్లా ఒకే పథకం ఉండి ఒకచోట వేగం తగ్గితే దూరాన్ని నిందించడం సరికాదు. ఇంటివరకు వచ్చే చివరి దారిలో, ముఖ్యంగా బలహీనమైన వై-ఫై లేదా మొబైల్ సిగ్నల్ ఉన్నచోట, ప్యాకెట్లు పోతున్నాయేమో చూడాలి. 1997లో మాథిస్ బృందం ప్రకటించిన సూత్రం ప్రకారం పదివేల ప్యాకెట్లకు ఒకటి పోయినా 250 మిల్లీసెకన్ల జాప్యం వద్ద ఒక కనెక్షన్ సగటు వేగం 5.7 మెగాబిట్లను మించదు. అదే నష్టం 20 మిల్లీసెకన్ల దూరంలోని హైదరాబాద్ సర్వరు విషయంలో 71 మెగాబిట్ల వరకు అనుమతిస్తుంది. దగ్గరి సర్వరు వద్ద కనిపించని లోపం దూరపు సర్వరు వద్ద పన్నెండున్నర రెట్లు పెద్దదై కనిపిస్తుంది.

నేటి లినక్స్ సర్వర్లలో ఉండే క్యూబిక్, 2016లో గూగుల్ ప్రకటించిన బి.బి.ఆర్. వంటి పద్ధతులు ఇంతకంటె త్వరగా కోలుకొంటాయి. అందువల్ల పై అంకెలను సంప్రదాయ పద్ధతికి చెందినవిగానే గ్రహించాలి. తేడా తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

6. కారణాన్ని గుర్తించే విధానం:

విండోస్ యంత్రంలో ఈ ఆదేశాలు సరిపోతాయి. URL ఉన్నచోట 100 మెగాబైట్లకు మించిన ఫైలు చిరునామా ఇవ్వాలి.

```
ping archive.org
netsh interface tcp show global
aria2c -x 1 -s 1 -o a.pdf URL
aria2c -x 4 -s 4 -o b.pdf URL
```

మొదటిది జాప్యాన్ని చూపుతుంది. రెండవదాని ఫలితంలో `Receive Window Auto-Tuning Level` ఎదుట `normal` అని ఉండాలి. `disabled` అని ఉంటే విండో సర్దుబాటు నిలిచిపోయిందని అర్థం. చివరి రెండూ విడిగా స్థాపించుకోవలసిన `aria2c` అనే ఉచిత సాధనంతో ఒకే ఫైలును ఒక కనెక్షన్‌తోను, నాలుగు ముక్కలుగా నాలుగు కనెక్షన్లతోను దింపుతాయి.

నాలుగింటి వేగం ఒకదానికి దాదాపు నాలుగు రెట్లుంటే అడ్డు విండోలోనో, ప్యాకెట్ నష్టంలోనో ఉంది. ఒంటరి డౌన్‌లోడ్ వేగం సెకనుకు 260 కిలోబైట్ల దగ్గర సమతలంగా నిలిచిపోతే అది విండో హద్దు. నెమ్మదిగా పెరిగి, హఠాత్తుగా పడి, మళ్ళీ పెరుగుతూ రంపపు పళ్ళలా సాగితే అది నష్టం. రెండు ప్రయోగాల వేగమూ ఒకటే అయితే దారి నిండిపోయింది, లేదా సర్వరే చందాదారుని మొత్తం వేగానికి హద్దు పెట్టింది. అప్పుడు కనెక్షన్ల సంఖ్యను పెంచినా ప్రయోజనం లేదు. మొత్తం వేగసామర్థ్యం తక్కువైన ఈ ఒక్క సందర్భంలోనే పెద్ద పథకానికి మారడం ఫలిస్తుంది.

7. ముగింపు:

సమాంతర డౌన్‌లోడ్ కొత్త వేగాన్ని సృష్టించదు. జాప్యం వల్ల ఖాళీగా మిగిలిన దారిని నింపుతుంది. అందుకే దానికి ఒక హద్దు కూడా ఉంది. రద్దీగా ఉన్న కళాశాల కనెక్షన్‌ను టి.సి.పి. వ్యక్తుల మధ్య కాక కనెక్షన్ల మధ్య పంచుతుంది. పదహారు కనెక్షన్లు తెరిచిన ఒక్కరు, ఒకే కనెక్షన్‌తో వ్యాసం చదువుకొనే సహాధ్యాయి వాటాను కూడా లాక్కొంటారు. లాభాపేక్ష లేని ఇంటర్నెట్ ఆర్కైవ్ సర్వర్లపైనా ఆ భారం పడుతుంది. కనుక ముందు విండో సర్దుబాటును సరిచూసుకొని, వై-ఫై బదులు తీగతో కలిపి నష్టాన్ని తగ్గించుకొని, అప్పటికీ అవసరమైతే మూడు నాలుగు కనెక్షన్లకు పరిమితం కావడం ఉచితం.