ఫోన్ చెప్పే సైజు ఎంతవరకు సరి?

చాలా బాడీ స్కాన్ యాప్‌లు ముందు నుంచి, పక్క నుంచి తీసిన రెండు ఫోటోల్లోని ఆకారాన్ని, టైపు చేసిన ఎత్తుతో పోల్చి చుట్టుకొలతలను అంచనా వేస్తాయి. అందుకే ఎత్తు తప్పితే అన్నీ తప్పుతాయి. 160 సెంటీమీటర్ల మనిషి 165 అని రాస్తే, 92 ఉన్న ఛాతీ దాదాపు 95గా వస్తుంది. వదులు కుర్తా వేసుకుంటే దాని అంచునే శరీరమనుకోవచ్చు. సాగే టీషర్టుకు ఈ తేడా పెద్ద పట్టింపు కాదు; ఒంటికి అమరాల్సిన బ్లౌజు మాత్రం వదులైపోతుంది.

వర్చువల్ ట్రయల్‌ను సైజు విషయంలో ఇంకా తక్కువ నమ్మాలి. చాలావరకు అది ఫోటో మీద బట్టను అందంగా పరుస్తుందే తప్ప, చంక దగ్గర పట్టేస్తుందో లేదో చెప్పదు. వెంటవెంటనే చేసిన రెండు స్కాన్లలో నడుము కొలత రెండు మూడు సెంటీమీటర్లు మారితే ఆ సలహాను పక్కనపెట్టి, టేపుతో కొలిచి, ఆ దుస్తుల కొలతల పట్టికతో సరిచూడాలి.